ఫీజు బేరం అయింది, ధర బేరం ఎప్పుడు?

ప్రశ్న: మాది జీడిమెట్లలో మందుల ఇంటర్మీడియెట్లు తయారుచేసే కుటుంబ కంపెనీ. నేను అకౌంట్లు చూస్తాను. ఐపీఓకి వెళ్తున్నాం, వచ్చే నెల సెబీకి డీఆర్‌హెచ్‌పీ, అంటే ముసాయిదా ప్రాస్పెక్టస్, దాఖలు చేయాలి. ఇప్పుడు మాకు 3.5 కోట్ల షేర్లున్నాయి. కొత్తగా 50 లక్షల షేర్లు జారీ చేస్తాం, మరో 50 లక్షలు మా బాబాయి తన వాటా నుంచి అమ్ముతారు. మర్చంట్ బ్యాంకర్ 240 రూపాయల ధర అనుకుంటున్నారు. ఫీజు 3.5 శాతం అడిగితే నాన్నగారు 2.75కి దింపారు, చాలా సంతోషంగా ఉన్నారు. కానీ మాలాంటి కంపెనీల షేర్లు ఈమధ్య మొదటి రోజే 40 శాతం పెరిగాయి. బ్యాంకర్ని అడిగితే "ఇన్వెస్టర్ల కోసం టేబుల్ మీద కొంత వదలాలి మేడమ్" అంటున్నారు. "మనల్ని మోసం చేస్తున్నారా?" అని బాబాయి అడుగుతున్నారు. ఏం చెప్పాలి? ఎంత వదలాలి?
— ఒక పాఠకురాలు, హైదరాబాద్

సమాధానం: మోసం అనలేం అని బాబాయిగారికి చెప్పండి. అయితే ఆయన అనుమానం సరైన చోటే ఉంది. నాన్నగారు బేరమాడింది చిన్న మొత్తం మీద. ఇష్యూ మొత్తం కోటి షేర్లు, 240 చొప్పున 240 కోట్లు. ఫీజులో తగ్గిన ముప్పావు శాతం అంటే కోటీ 80 లక్షలు. మంచిదే. కానీ మీరన్నట్టు మొదటి రోజే 40 శాతం పెరిగి 336 దగ్గర ముగిసిందనుకోండి. కోటి షేర్లు ఒక్కోటి 96 రూపాయలు తక్కువకి ఇచ్చినట్టు, అంటే 96 కోట్లు. ఫీజు మొత్తం కలిపినా 6 కోట్ల 60 లక్షలే. పెద్ద ఖర్చు ఏ బిల్లులోనూ కనబడదు, దాని మీద ఎవరూ జీఎస్టీ కూడా వేయరు. అందుకే దాని గురించి ఎవరూ గొడవపడరు.

ఆ 96 కోట్లు కంపెనీ నష్టమా, బాబాయి నష్టమా అన్నది మీ ఇంట్లో ముందే తేల్చుకోవాలి, లేకపోతే తర్వాత మాటలు వస్తాయి. లెక్క ఇలా చూడండి. లిస్టింగ్ తర్వాత 4 కోట్ల షేర్లు, 336 చొప్పున కంపెనీ విలువ 1,344 కోట్లు. అందులో కొత్తగా వచ్చిన 120 కోట్ల నగదు తీసేస్తే, ఐపీఓకి ముందు మీ కంపెనీని మార్కెట్ 1,224 కోట్లకి లెక్కగట్టినట్టు. దాన్ని మీ 3.5 కోట్ల పాత షేర్లకి పంచితే ఒక్కోటి దాదాపు 350. ఇప్పుడు బాబాయి అమ్మిన షేరుకి చేతికొచ్చింది 240, అంటే ప్రతి షేరు మీదా దాదాపు 110 పోయింది. నాన్నగారు ఉంచుకున్న షేరు 336 దగ్గరుంది, అంటే ఒక్కోదాని మీద పోయింది దాదాపు 14 రూపాయలే. మొత్తం కూడితే అదే 96 కోట్లు. అందులో 55 కోట్ల దాకా బాబాయి ఒక్కరి జేబులోంచే. ధర తక్కువ పెడితే అమ్మేవాళ్ల మీద ఒక రకంగా, ఉంచుకునేవాళ్ల మీద మరో రకంగా పడుతుంది. నాన్నగారు నిశ్చింతగా ఉండి, బాబాయి మాత్రం నిద్రపోకుండా ఉండడంలో వింతేమీ లేదు.

నాన్నగారు ఆ రోజు ఇంకా సంతోషంగా ఉంటారని కూడా ఇప్పుడే చెప్పగలను. 240 దగ్గర మీ కుటుంబం చేతిలో మిగిలే 3 కోట్ల షేర్ల విలువ 720 కోట్లు, సాయంత్రానికి 1,008 కోట్లు. పేపర్ మీద ఒక్కరోజులో అంత పెరిగితే ఎవరికి కోపం వస్తుంది? ఈ విషయం మీదే లాఫ్రన్, జే రిటర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2002లో ఒక పత్రం రాశారు. 1990 నుంచి 1998 దాకా అమెరికాలో ఐపీఓకి వచ్చిన కంపెనీలు సగటున 91 లక్షల డాలర్ల చొప్పున ఇలా వదిలేశాయనీ, అది బ్యాంకర్లకి ఇచ్చిన ఫీజుకి రెండింతలనీ లెక్క తేల్చారు. ఇంత పోగొట్టుకున్నా యజమానులు ఎందుకు మండిపడరంటే, చేతిలో మిగిలిన వాటా అనుకున్నదానికంటే ఎక్కువ విలువ చేస్తోందన్న ఆనందంలో పోయినదాన్ని పట్టించుకోరు కాబట్టి అన్నారు.

బ్యాంకర్ వైపు నుంచి కూడా చూద్దాం. అమెరికాలో మధ్యస్థాయి ఇష్యూలకి స్ప్రెడ్, అంటే బ్యాంకర్లకి మిగిలే తేడా, దాదాపు ఎప్పుడూ 7 శాతమే. బ్యాంకర్లు షేర్లన్నీ 93కి కొని 100కి అమ్ముతారు. అమ్ముడుపోకపోతే వాళ్ల నెత్తినే. మన దగ్గర మెయిన్ బోర్డు ఇష్యూలో అలా ఉండదు. బుక్ బిల్డింగ్ ముగిసి, బిడ్లు చేతికొచ్చి, ధర ఖరారయ్యాకే, మిగిలిన షేర్లు మేమే తీసుకుంటామనే అండర్‌రైటింగ్ ఒప్పందం మీద సంతకాలవుతాయి. అప్పటికి మిగిలే రిస్కు బహు స్వల్పం. (ఎస్‌ఎంఈ బోర్డు సంగతి వేరు, అక్కడ ఇష్యూ మొత్తానికి అండర్‌రైటింగ్ ఉండాలి, 15 శాతం లీడ్ మేనేజరే సొంతంగా మోయాలి.) రిస్కు తక్కువ కాబట్టి మన దగ్గర ఫీజూ తక్కువే. అయితే బ్యాంకర్‌కి ధర పెంచాలన్న ఆసక్తీ అంతే తక్కువ. 240 బదులు 280 పెట్టారనుకోండి. కంపెనీకి, బాబాయికి కలిపి 40 కోట్లు ఎక్కువొస్తాయి. బ్యాంకర్‌కి ఎక్కువొచ్చేది కోటీ 10 లక్షలు. దానికోసం ఆయన ఫండ్ మేనేజర్లందరితో మళ్లీ వాదించాలి, ఇష్యూ నిండదేమో అన్న భయం పెట్టుకోవాలి. మీ ఇష్యూ ఒక్కసారే. ఆ ఫండ్ మేనేజర్లతో ఆయనకి వచ్చే నెలలో ఇంకో ఇష్యూ ఉంటుంది. ఇందులో దురుద్దేశం వెతకనక్కర్లేదు. ఫీజు లెక్క ఆయన్ని ఎటు నడిపిస్తుందో తెలిస్తే చాలు.

అలాగని ఆయన మాటని కొట్టిపారేయకండి. కొంత వదలడం తప్పదు. కెవిన్ రాక్ అనే ఆర్థికవేత్త 1986లో చెప్పిన వాదన ఒకటుంది. ఏ ఇష్యూ మంచిదో తెలిసినవాళ్లు మంచివాటికే ఎగబడతారు, కాబట్టి అక్కడ తెలియనివాళ్లకి షేర్లు దొరకవు. బాగోలేని ఇష్యూలో అడిగినన్నీ దొరుకుతాయి. మన రిటైల్ మదుపరులకి ఇది అనుభవమే: లాటరీలో రాలేదంటే షేరు ఎగిరిందన్నమాట, పూర్తిగా అలాట్ అయిందంటే ఏదో తేడా ఉందన్నమాట. అందుకే సగటున ప్రతి ఇష్యూలోనూ కొంత తగ్గింపు లేకపోతే వాళ్లు అసలు దరఖాస్తే చేయరు. పైగా జారీ చేసే కొత్త షేర్లకి 90 శాతం బిడ్లు కూడా రాకపోతే డబ్బంతా వెనక్కి ఇచ్చేయాలి. కొత్త ప్లాంటుకి ఆర్డరిచ్చిన రియాక్టర్లకి డబ్బు కట్టాల్సిన కంపెనీకి అది 96 కోట్ల నష్టం కంటే పెద్ద దెబ్బ కావచ్చు.

కాబట్టి అసలు ప్రశ్న ఎంత వదలాలి, ఎప్పుడు తేల్చాలి అన్నదే. దీనికి మన ఊరి కంపెనీల్లోనే రెండు ఉదాహరణలున్నాయి.

బాలానగర్ ఎంటార్ టెక్నాలజీస్ 2021 మార్చిలో వచ్చింది. ధర 575. దాదాపు 1 కోటీ 3.7 లక్షల షేర్లు, 596 కోట్ల ఇష్యూ. దాదాపు 200 రెట్ల బిడ్లొచ్చాయి. మొదటి రోజు ముగిసింది 1,080 దగ్గర. షేరుకి 505 చొప్పున లెక్కేస్తే సుమారు 520 కోట్లు వదిలినట్టు, అంటే సేకరించిన మొత్తానికి కాస్త తక్కువ. ఈ కేసులో నాకు ఆసక్తిగా అనిపించేది ముందు నడిచిన కథ. ఐపీఓకి కొద్ది నెలల ముందు కంపెనీ ఫండ్లకి 540 చొప్పున 100 కోట్ల షేర్లు అమ్మింది. తర్వాత ప్రైస్ బ్యాండ్ 574 నుంచి 575. ఒక్క రూపాయి తేడా! బ్యాండ్ అంటే మార్కెట్ తన ధర చెప్పుకోవడానికి ఇచ్చే జాగా. ఇక్కడ ఆ జాగా లేనే లేదు. ముందు కుదిరిన 540 చుట్టూనే ధర తిరిగింది, 200 రెట్ల గిరాకీకి దాన్ని కదిలించే దారి లేకపోయింది. ఇలాంటి ఇరుకు బ్యాండ్లు పెరిగాకే సెబీ నిబంధన మార్చింది: ఇప్పుడు పైధర కిందిధర కంటే కనీసం 5 శాతం ఎక్కువుండాలి, 20 శాతానికి మించకూడదు.

200 రెట్లు వచ్చాయంటే ధర రెట్టింపు పెట్టినా పోయేదని అనుకోకండి. ఆ అంకెలో పెద్ద వాటా ధనవంతుల కేటగిరీది. అందులో 650 రెట్లొచ్చాయి. అప్పట్లో ఎన్‌బీఎఫ్‌సీల దగ్గర వారం రోజులకి అప్పు తీసుకుని, ఎంత ఎక్కువకి బిడ్ వేస్తే అంత ఎక్కువ షేర్లు వస్తాయని వేసేవారు. 2022 ఏప్రిల్ నుంచి ఆ అప్పుని ఆర్‌బీఐ మనిషికి కోటికి పరిమితం చేసింది, సెబీ కూడా ఆ కేటగిరీలో లాటరీ పద్ధతి తెచ్చింది. అయినా అసలు విషయం మారలేదు. బిడ్లన్నీ పైధర దగ్గరే, కటాఫ్ దగ్గరే పడతాయి. ఎన్ని రెట్లు అన్నది పైధర దగ్గర ఎంతమంది ఉన్నారో చెబుతుంది. ఇంకో 40 రూపాయలు పెంచితే ఎంతమంది మిగులుతారో చెప్పదు.

రెండోది దానికి తలకిందులు. రెయిన్‌బో చిల్డ్రన్స్ ఆసుపత్రుల ఇష్యూ 2022 ఏప్రిల్ 29న ముగిసింది. 542 ధరకి 12 రెట్లు బిడ్లొచ్చాయి. మే 4న ఆర్‌బీఐ ఎవరూ ఊహించకుండా రెపో రేటు 0.40 శాతం పెంచింది, మార్కెట్ పడింది. మే 10న లిస్టయితే ఆ రోజు దాదాపు 450 దగ్గర ముగిసింది, 17 శాతం కింద. టేబుల్ మీద ఏమీ వదల్లేదు సరికదా, ఇన్వెస్టర్ల జేబులోంచే తీసుకున్నట్టు కనిపిస్తుంది. మరి బ్యాంకర్లు ధర తప్పు పెట్టారా? బిడ్లు ముగిసేనాటికి ఆ వార్త లేదు. అదే షేరు 2023 చివరికి వెయ్యి దాటింది. అందుకే మొదటి రోజు ముగింపు ధరని సత్యంగా తీసుకోవద్దంటాను. మీరు చెప్పిన 40 శాతం కూడా అంతే. అందులో కొంత మీరు అడిగి ఉంటే దొరికేదే, కొంత ఆ రోజు గాలి. ఇప్పుడు ఇష్యూ ముగిశాక మూడో పనిదినానికే లిస్టింగ్ కాబట్టి ఆ గాలి కొంత తగ్గింది.

ఇక ఎప్పుడు అన్న సంగతి. ఇది బ్యాంకర్లు చెప్పరు, మీరు తెలుసుకోవాలి. అమెరికాలో గిరాకీ బాగుంటే ముందు చెప్పిన శ్రేణిని దాటి ధర పెంచుతారు. 1995లో నెట్‌స్కేప్ 14 డాలర్లనుకున్నది చివరి నిమిషంలో 28 చేశారు (అయినా మొదటి రోజు 58.25 దగ్గర ముగిసింది, అది వేరే కథ). మన దగ్గర బ్యాండ్ ప్రకటించాక పైధర ఒక గోడ. ఇష్యూ తెరిచి ఉండగా సవరించే వీలు నిబంధనల్లో ఉన్నా, పైకి సవరించడం ఆచరణలో కనబడదు. అంటే బిడ్లొచ్చే మూడు రోజుల్లో మీరు కొత్తగా తెలుసుకునేది ధరకి ఏమాత్రం ఉపయోగపడదు. ధర బేరం అంతా బ్యాండ్ అచ్చవడానికి ముందే అయిపోవాలి: రోడ్‌షోల తర్వాత, ఇష్యూ తెరవకముందే షేర్లు తీసుకునే పెద్ద సంస్థలతో, అంటే యాంకర్ ఇన్వెస్టర్లతో, మాటలు నడిచే ఆ రెండు మూడు వారాల్లో.

ఆ వారాల్లో బ్యాంకర్ "ఫీడ్‌బ్యాక్ బాగుంది" అంటే ఊరుకోకండి. ఏ ఫండ్, ఏ ధర దగ్గర, ఎంత మొత్తానికి, అన్నది పేరు పేరునా రాసిచ్చిన కాగితం అడగండి. బ్యాంకర్ల దగ్గర అది ఉంటుంది. అడిగిన యజమానులే తక్కువ. 240 దగ్గర 20 పేర్లుండి, 270 దగ్గర 17 మిగిలితే 240 పెట్టడానికి కారణం లేదు. 270 దగ్గర నాలుగే మిగిలితే ఆయన చెప్పింది నిజం. ఆ పేర్లలో ఎవరు మ్యూచువల్ ఫండ్లు, ఇన్సూరెన్స్ కంపెనీలు, ఎవరు లిస్టింగ్ రోజే అమ్మేసి వెళ్లేవాళ్లు అన్నది కూడా చూడండి. యాంకర్లకి సగం షేర్ల మీద 30 రోజులు, మిగతా సగం మీద 90 రోజులు అమ్మకూడదన్న లాకిన్ ఉంటుంది కాబట్టి వాళ్ల మాటకి కొంత బరువుంటుంది.

ఒక్కరోజులో అయ్యే పని ఇంకోటుంది. ఏ కంపెనీ ఆర్‌హెచ్‌పీ, అంటే ఇష్యూకి ముందు వచ్చే ప్రాస్పెక్టస్, తీసినా చివర్లో లీడ్ మేనేజర్లు గతంలో చేసిన ఇష్యూల పట్టిక ఉంటుంది: ఇష్యూ ధర, లిస్టింగ్ రోజు ప్రారంభ ధర, 30, 90, 180 రోజుల తర్వాత మార్పు, పక్కనే సూచీ మార్పు. మీ బ్యాంకర్ ఇటీవల చేసిన ఇష్యూ ఏదైనా సెబీ వెబ్‌సైట్లో తీసి చూడండి. ఆయన ఇష్యూలు వరసగా 40, 60 శాతం ఎక్కువకి తెరుచుకుని, ఆరు నెలల తర్వాత కూడా అక్కడే నిలబడితే, ఆయన ధర తక్కువ పెట్టే మనిషి. ఎగిరి మళ్లీ ఇష్యూ ధర దగ్గరికి దిగివస్తే, ఆయన ధర సరిగ్గానే పెట్టాడు, ఎగిరింది మార్కెట్టే. గ్రే మార్కెట్ ప్రీమియం మాత్రం ఎవరు పంపినా ఈ లెక్కలోకి తేకండి. కొద్దిపాటి చేతి లావాదేవీల ధర అది, మీ కోటి షేర్లకి అది కొలత కాదు.

ఫీజు గురించి నా సలహా నాన్నగారికి నచ్చకపోవచ్చు. 2.75ని అలాగే ఉంచకుండా రెండు ముక్కలు చేయండి. ఒక రెండు శాతం ఖాయంగా. మిగిలింది, కావాలంటే పాత 3.5 దాకా, ఇష్యూ ముగిశాక మీరు నిర్ణయించేదిగా. అది ధరకీ, యాంకర్ల నాణ్యతకీ ముడిపడి ఉండాలి. ధర 240 నుంచి 265కి వెళ్లినా మీకు 25 కోట్లు ఎక్కువ. ఆ కోటీ 80 లక్షలు సంతోషంగా ఇచ్చేయొచ్చు. అన్నట్టు, ఇష్యూ ఖర్చుల్లో ఆఫర్ ఫర్ సేల్‌కి, అంటే బాబాయి అమ్మే షేర్లకి, తగ్గ వాటా ఆయనే భరించాలి. ఆయనకి ఈ సంగతి ఇంకా ఎవరూ చెప్పి ఉండరు, ముందే చెప్పండి.

ఎంత వదలాలి అని సూటిగా అడిగారు కాబట్టి: సాటి కంపెనీలతో పోల్చి వచ్చిన విలువకి 10 నుంచి 15 శాతం తక్కువ దగ్గర నేనైతే ఒప్పుకుంటాను. మొదటి ఐపీఓ, అంతగా పేరు తెలియని కంపెనీ, ఇద్దరు ముగ్గురు పెద్ద కస్టమర్ల మీదే ఆధారపడితే 20 దాకా వెళ్లొచ్చు. అంతకుమించి తగ్గించాలంటే బ్యాంకర్ పేర్లతో చూపించాలి.

బాబాయిగారి 55 కోట్ల సంగతి మాత్రం బ్యాంకర్ తేల్చలేడు. లిస్టింగ్ తర్వాత మీ కంపెనీ విలువ 1,600 కోట్లలోపే కాబట్టి 25 శాతం షేర్లు పబ్లిక్‌కి ఇవ్వక తప్పదు. మీ కోటి షేర్లు సరిగ్గా అంతే. బాబాయి ఇప్పుడు 20 లక్షలే అమ్మి, మిగతావి లాకిన్ గడువు అయ్యాక మార్కెట్ ధరకి అమ్ముకుంటానంటే, ఆ ఖాళీ నింపడానికి కంపెనీ 90 లక్షల కొత్త షేర్లు జారీ చేయాలి. అంటే 120 కోట్ల బదులు 216 కోట్లు. అంత డబ్బుకి ప్లాంటు పని ఉందా? లేకపోతే "సాధారణ కార్పొరేట్ అవసరాలు" అని 25 శాతానికి మించి రాయనివ్వరు. రెండో దారి, కుటుంబంలో అందరూ వాళ్ల వాళ్ల వాటా నిష్పత్తిలో అమ్మడం. అప్పుడు తగ్గింపు భారం ప్రతి పాత షేరు మీదా సమానంగా 27 రూపాయల చొప్పున పడుతుంది. కానీ బాబాయి చేతికొచ్చే నగదు తగ్గుతుంది. ఆయనకి డబ్బు దేనికి కావాలో అడిగి తెలుసుకోండి. ఏ దారి ఎంచుకున్నా డీఆర్‌హెచ్‌పీ వెళ్లకముందే ఎంచుకోండి. ఒకసారి దాఖలయ్యాక ఫ్రెష్ ఇష్యూ మొత్తం 20 శాతానికి మించి మారితే, లేదా ఆఫర్ ఫర్ సేల్ సగానికి మించి మారితే, మళ్లీ మొదటి నుంచి దాఖలు చేయాల్సి వస్తుంది.